మోటారు ఎన్ని గంటలు నడపాలి? సాత్‌బారాలోని ఆర్‌లతోనే తడి లెక్క

సిరోంచ తాలూకాలో ప్రాణహిత, గోదావరి ఒడ్డున మిరప వేసే రైతును ఈసారి తడికి మోటారు ఎంతసేపు నడపాలని అడిగితే, చాలామంది కరెంటు ఉన్నంతసేపు అనే చెబుతారు. చేను చివర నీళ్లు కనిపించేదాకా నడపడం, కనిపించగానే ఆపడం ఇంకొందరి పద్ధతి. నేలకు ఎంత నీరు కావాలి, పైపు ఎంత నీరు ఇస్తోంది అన్న రెండు ప్రశ్నలకు ఈ రెండు పద్ధతుల్లోనూ జవాబు లేదు. ఆ జవాబులు చేతిలో ఉంటే మిగిలేది ఒక్క గుణకారం, ఒక్క భాగహారం మాత్రమే. నల్లరేగడి నేలలో బోదెల మీద వేసిన మిరపకు, నది ఒడ్డున పెట్టిన మోటారుతో పెట్టే ఒక తడిని ఉదాహరణగా తీసుకొని ఈ లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేద్దాం.

విస్తీర్ణాన్ని ఆర్‌లలో తీసుకోండి

మన మాటల్లో భూమి ఎకరాలు, గుంటలుగా ఉంటుంది, తలాఠీ ఇచ్చే సాత్‌బారా కాగితంలో మాత్రం హెక్టార్లు, ఆర్‌లుగా ఉంటుంది. ఈ లెక్కకు కాగితంలో ఉన్న కొలతే సుఖం. ఒక ఆర్ అంటే సరిగ్గా 100 చదరపు మీటర్లు, నూరు ఆర్‌లు ఒక హెక్టారు. ఎకరాకు సుమారు 40.5 ఆర్‌లు వస్తాయి. గుంట 101 చదరపు మీటర్ల చిల్లర కాబట్టి, మీకు గుంటలే అలవాటైతే వాటినే ఆర్‌లుగా భావించి లెక్క వేసినా తేడా నూటికి ఒక వంతే వస్తుంది. ఈ పనికి ఆ తేడాను పట్టించుకోనక్కరలేదు.

అయితే కాగితంలో ఉన్న మొత్తం అంకెను తెచ్చి లెక్కలో పెట్టకూడదు. సాగుకు పనికిరాని పోట్‌ఖరాబా భూమి అదే కాగితంలో విడిగా రాసి ఉంటుంది, ముందు దాన్ని తీసేయాలి. తరువాత గట్లు, బండి దారి, మిరపకాయలు ఆరబోసే కళ్లం వంటి తడి పెట్టని జాగాను కూడా తీసేయాలి. మన ఉదాహరణలో కాగితం మీద 0.81 హెక్టారు, అంటే 81 ఆర్‌లు ఉన్నాయనుకుందాం. అందులో పోట్‌ఖరాబా 5 ఆర్‌లు, గట్లకూ కళ్లానికీ పోయింది 4 ఆర్‌లు అయితే, నిజంగా తడిసే నేల 72 ఆర్‌లు. ఎకరాల్లో చెప్పుకుంటే రెండు ఎకరాలకు కొంచెం తక్కువ.

ఎన్ని మిల్లీమీటర్ల నీరు కావాలో తేల్చండి

లెక్కలో తప్పు ఎక్కువగా దొర్లేది ఇక్కడే, అందుకని కొంచెం నిదానంగా చూద్దాం. నీటి లోతును మిల్లీమీటర్లలో చెప్పడం వర్షాన్ని కొలిచినట్టే ఉంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. కనుక ఒక ఆర్ మీద ఒక మిల్లీమీటరు నీరంటే 100 లీటర్లు.

నేల నీటిని పట్టి ఉంచేది కొంత మేరకే. మంచి నల్లరేగడి ఒక సెంటీమీటరు మందానికి, మొక్కకు అందే నీటిని సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. మనం 1.6 అని తీసుకుందాం. మిరప వేళ్లలో నీటిని ఎక్కువగా పీల్చేవి పైనున్న 45 సెంటీమీటర్లలోనే ఉంటాయి. రెంటినీ గుణిస్తే 72 మిల్లీమీటర్లు వస్తుంది. ఇది నిండిన నేల దగ్గర ఉన్న మొత్తం నిల్వ. ఈ నిల్వ పూర్తిగా అయిపోయేదాకా మిరప ఓర్చుకోదు, నీటి కొరతకు తొందరగా లొంగే పంట అది. పూత, పిందె దశలో నేల బిగిసిపోతే పూత రాలుతుంది. అందుచేత నిల్వలో నూటికి 40 వంతులు తగ్గేసరికి తడి పెట్టాలని పెట్టుకుంటే, తిరిగి నింపవలసింది 72లో 40 వంతులు, అంటే ఇంచుమించు 29, గుండుగా 30 మిల్లీమీటర్లు.

ఈ 30 మిల్లీమీటర్లు వేళ్ల దగ్గరకు చేరవలసిన నీరు. పైపు నుంచి వదలవలసిన నీరు అంతకంటే ఎక్కువ, ఎందుకంటే పంట కాలువలో కొంత ఇంకిపోతుంది, చేను మొదట్లో అవసరానికి మించి లోపలికి దిగిపోతుంది, చివర కొంత గట్టు దాటుతుంది. బోదెల మధ్య కాలువల్లో పారించే తడిలో, చదును ఓ మోస్తరుగా ఉన్న చేలో, వదిలిన నీటిలో నూటికి 60 వంతులు వేళ్లకు చేరుతాయని పెట్టుకోవడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. చాలా చక్కగా చదును చేసి జాగ్రత్తగా నీరు కట్టేవారికి 70 దాకా రావచ్చు. డ్రిప్పు ఉన్నవారికి 90 వేసుకోవచ్చు, కానీ డ్రిప్పులో చేనంతా తడవదు కాబట్టి ఆ లెక్క నడిచే తీరే వేరు, దాన్ని ఇక్కడ కలపడం లేదు. మన ఉదాహరణలో 30ని 0.6తో భాగిస్తే 50 వస్తుంది. పైపు నుంచి చేలోకి వదలవలసింది 50 మిల్లీమీటర్లు.

పైపు ఇచ్చే నీటిని చేను దగ్గరే కొలవండి

మోటారు రేకు మీద రాసి ఉన్న నీటి అంకెను లెక్కలో వాడవద్దు. ఆ రేకు మీద సాధారణంగా ఎత్తులకూ నీటి పరిమాణాలకూ రెండేసి అంకెలు ఉంటాయి, వాటిలో అతి ఎక్కువ నీరు అతి తక్కువ ఎత్తుకు మాత్రమే వర్తిస్తుంది. మీ మోటారు నీటిని నదిలోంచి ఒడ్డు మీదికి ఎత్తి, అక్కడి నుంచి పైపులో కొన్ని వందల మీటర్లు నెట్టాలి. నెట్టడంలో పోయే శక్తి కూడా ఎత్తు పెరిగినట్టే లెక్కకు వస్తుంది.

కొలవడానికి ఒక డ్రమ్ము, ఫోనులోని స్టాప్‌వాచి చాలు. 200 లీటర్లదని చెప్పే ఇనుప డ్రమ్ములో అంచు దాకా పోస్తే అంతకంటే కొన్ని లీటర్లు ఎక్కువే పడతాయి. కనుక ముందుగా కొలత తెలిసిన బకెట్టుతో నీళ్లు పోసి, సరిగ్గా 200 లీటర్ల దగ్గర లోపలి వైపు రంగుతో గీత పెట్టుకోండి. పైపు చేలోకి తెరుచుకునే చోట చిన్న గొయ్యి తీసి, డ్రమ్ము అంచు పైపు మట్టానికి వచ్చేలా దింపండి. పైపును ఎత్తి డ్రమ్ములో పెడితే నీరు కొంత తగ్గుతుంది, అప్పుడు వచ్చేది తడి పెట్టేటప్పటి అంకె కాదు. మోటారు వేశాక వెంటనే కొలవకండి. నది మోటారుకైతే పైపులోని గాలి పోయి ధార నిండుగా, నిలకడగా పడేదాకా ఆగితే సరిపోతుంది. బోరు, బావి అయితే అరగంట అయినా నడవనివ్వండి, ఎందుకంటే మోటారు నడుస్తున్న కొద్దీ లోపలి నీటి మట్టం దిగుతుంది, మొదటి ధార చూసి వేసిన లెక్క తరువాతి గంటలకు సరిపోదు.

ధారను ఒక్కసారిగా డ్రమ్ములోకి తిప్పి, గీత తాకే క్షణం దాకా సెకన్లు చూడండి. ఇలా మూడుసార్లు కొలవండి. మన ఉదాహరణలో 39, 41, 40 సెకన్లు వచ్చాయనుకుంటే సగటు 40. 200 లీటర్లను 40తో భాగిస్తే సెకనుకు 5 లీటర్లు. డ్రమ్ము 20 సెకన్ల లోపే నిండిపోతుంటే మాత్రం ఈ పద్ధతి నమ్మకమైనది కాదు, వేలు ఒక సెకను ఆలస్యమైనా నూటికి ఐదు వంతుల తేడా వస్తుంది. అలాంటి పెద్ద ధారకు సిమెంటు తొట్టి ఉంటే దాని పొడవు, వెడల్పు కొలిచి, పది నిమిషాల్లో నీరు ఎంత పెరిగిందో చూడడం మేలు.

వచ్చిన అంకె నమ్మదగినదేనా అని సరిచూసుకునే మార్గం ఒకటి ఉంది. పంపు, మోటారు కలిసి తీసుకున్న శక్తిలో సగం నీటికి అందుతుందని పెట్టుకుంటే, హార్స్‌పవరును 38తో గుణించి, మొత్తం ఎత్తుతో భాగిస్తే సెకనుకు ఇన్ని లీటర్లని సుమారుగా తెలుస్తుంది. మన మోటారు 3 హార్స్‌పవరుది. నది నీటి నుంచి చేను మట్టానికి ఎత్తు 15 మీటర్లు. పైపు 400 మీటర్లు, లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లు. ఆ సైజు నునుపైన పీవీసీ పైపులో సెకనుకు 5 లీటర్లు పోతుంటే ప్రతి 100 మీటర్లకు సుమారు 1.6 మీటర్ల ఎత్తు రాపిడికి పోతుంది, 400 మీటర్లకు ఆరున్నర. వంపులకు, ఫుట్‌వాల్వుకు ఇంకో మీటరు వేస్తే మొత్తం 22 మీటర్ల చిల్లర. 3ను 38తో గుణించి 22.5తో భాగిస్తే 5కు దగ్గరగా వస్తుంది. డ్రమ్ము చెప్పిందీ అదే కాబట్టి మన కొలత సరైనదే. డ్రమ్ము లెక్క ఇందులో సగమే వస్తే పైపు ఎక్కడో కారుతోందనో, ఫుట్‌వాల్వు జాలికి నాచు పట్టిందనో, ఇంపెల్లరు ఇసుకకు అరిగిందనో అనుమానించాలి. నదిలోంచి తోడే మోటార్లకు ఇసుక బెడద ఎప్పుడూ ఉండేదే.

నీరు చాలడం లేదని 3 తీసి 5 హార్స్‌పవరు మోటారు బిగించేవారు ఈ రాపిడిని కూడా లెక్క చూసుకోవాలి. అదే 75 మిల్లీమీటర్ల పైపులో 8 లీటర్లు నెట్టాలంటే 400 మీటర్లకు రాపిడి ఒక్కటే 15 మీటర్లు దాటుతుంది. కనుక పెద్ద మోటారు పెట్టినా నీరు సుమారు 7 లీటర్ల దగ్గరే ఆగుతుంది. ఆ డబ్బుతో పైపు సైజు పెంచడమే లాభమని నా అభిప్రాయం.

గంటలు లెక్క వేయండి

సెకనుకు ఒక లీటరు ఇచ్చే ధార గంటకు 3,600 లీటర్లు ఇస్తుంది. ఒక ఆర్ మీద ఒక మిల్లీమీటరంటే 100 లీటర్లు కాబట్టి, ఆ ధార గంటలో 36 ఆర్‌లను ఒక్కో మిల్లీమీటరు తడపగలదు. సూత్రం అక్కడి నుంచే వస్తుంది:

```
గంటలు = ఆర్‌లు × మిల్లీమీటర్లు ÷ (36 × సెకనుకు లీటర్లు)
```

మన చేనుకు 72ను 50తో గుణిస్తే 3,600. 36ను 5తో గుణిస్తే 180. 3,600ను 180తో భాగిస్తే 20 గంటలు. మిల్లీమీటర్ల దగ్గర పైపు నుంచి వదలవలసిన 50నే పెట్టాలి. 30 పెట్టి లెక్కవేస్తే 12 గంటలే వస్తుంది, ఆ 12 గంటల తడితో చేను చివర సాళ్లు ఎండుతాయి.

త్రీఫేజు కరెంటు రోజుకు 8 గంటలు వస్తే ఈ తడి రెండున్నర రోజుల పని. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నిండుగా పెరిగిన మిరప రోజుకు సుమారు 4 మిల్లీమీటర్లు వాడుతుందని పెట్టుకుంటే, నేలలో నింపిన 30 మిల్లీమీటర్లు ఏడు రోజులకు సరిపడతాయి. ఏడు రోజుల్లో చేతికి వచ్చే కరెంటు 56 గంటలు. 72 ఆర్‌లకు 20 గంటలైతే ఈ మోటారు మోయగలిగిన మిరప సుమారు 200 ఆర్‌లు, అంటే ఐదు ఎకరాలు. అంతకు మించి కౌలుకు తీసుకునే ముందు ఈ అంకెను చూసుకోవడం మంచిది. ఎండలు ముదిరేకొద్దీ రోజువారీ వాడకం పెరిగి, ఆ ఐదెకరాలు కూడా బరువవుతాయి.

సాలు లెక్కతో సరిపోల్చండి

ఇరవై గంటలూ ధారను చేనంతటికీ ఒకేసారి వదలరు కదా, మడవ తిప్పుకుంటూ కొన్ని సాళ్ల చొప్పున కడతారు. కనుక ఒక్కో విడతకు ఎంతసేపో కూడా తేలాలి. మన చేను 90 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు అనుకుందాం. సాళ్లు పొడవు వెంట, 90 సెంటీమీటర్ల ఎడంతో ఉంటే మొత్తం 100 సాళ్లు. ఒక సాలు తడిపే నేల 72 చదరపు మీటర్లు. దానికి 50 మిల్లీమీటర్లంటే 3,600 లీటర్లు. ఒకసారికి ఐదు సాళ్లు తెరిస్తే ఒక్కొక్కదానికి సెకనుకు ఒక లీటరు వస్తుంది, 3,600 లీటర్లకు సరిగ్గా గంట పడుతుంది. నూరు సాళ్లకు ఇరవై విడతలు, ఇరవై గంటలు. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రాకపోతే ఎక్కడో ఒక కొలత తప్పిందని అర్థం, ఎక్కువగా అది తడిసే విస్తీర్ణమే అయి ఉంటుంది.

సాలులోకి వదిలిన నీరు చివరకు ఎప్పుడు చేరుతుందో గడియారం చూసి రాసుకోండి. గంట విడతలో అది మొదటి పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో చేరితే పంపకం బాగుందని అనుకోవచ్చు. నలభై నిమిషాలు పడితే సాలు మొదట్లో నీరు అవసరానికి మించి దిగుతోంది. దానికి మందు మోటారు ఇంకా ఎక్కువసేపు నడపడం కాదు. ఐదు సాళ్లకు బదులు మూడు తెరిచి, ఒక్కో సాలుకు ధార పెంచి, విడత సమయాన్ని అదే నిష్పత్తిలో 36 నిమిషాలకు తగ్గించాలి. మొత్తం గంటలు మారవు, నీరు మాత్రం సమంగా పడుతుంది. నీటి ఒరవడికి మట్టి కోసుకుపోతుంటే తిరిగి ఒక సాలు పెంచండి.

లెక్క తప్పుతోందని ఎలా తెలుస్తుంది

తడి పెట్టిన రెండో రోజున ఒక మీటరు పొడవున్న సన్నటి ఇనుప చువ్వను సాలులో నిటారుగా నొక్కండి. తడిసిన రేగడిలో అది చేతి బలానికే దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. సాలు మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల ఇలా చూసి, చువ్వ దిగిన లోతును మట్టి అంటిన మేర కొలవండి. మనకు కావలసింది 45 సెంటీమీటర్లు. మూడు చోట్లా 60 దాకా దిగితే గంటలు ఎక్కువయ్యాయని, తరువాతి తడిని 20 నుంచి 17 గంటలకు తగ్గించి మళ్లీ చూడాలి. మొదట్లో 70, చివర 30 దిగితే గంటలు సరిపోయినా పంపకం చెడిందని అర్థం, పైన చెప్పిన సాళ్ల సంఖ్య దగ్గర దిద్దుకోవాలి. అంతటా 30 దగ్గరే ఆగితే ముందు డ్రమ్ముతో ధారను మళ్లీ కొలవండి, విస్తీర్ణం జోలికి తరువాత వెళ్లవచ్చు.

నేల నెర్రెలు తీశాక పెట్టే తడికి ఈ లెక్క సరిపోదు. నీరు నెర్రెల గుండా వేళ్లను దాటి నేరుగా అడుక్కు పోతుంది, సాలు చివరకు చేరడానికి ఎంతో సేపు పడుతుంది. అలాంటి తడికి గంటలు ముందుగా చెప్పలేము. నెర్రెలు విడకముందే తడి అందేలా వరుస పెట్టుకోవడం ఒక్కటే దారి.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కలిగే నష్టం చాలామంది లెక్కలో ఉండదు. ఫుట్‌వాల్వు సరిగా పట్టకపోతే మోటారు ఆగగానే పైపులోని నీరంతా నదిలోకి దిగిపోతుంది. మన 400 మీటర్ల పైపు పట్టే నీరు సుమారు 1,770 లీటర్లు. దాన్ని మళ్లీ నింపడానికే దాదాపు ఆరు నిమిషాలు పోతాయి, ఆ ఆరు నిమిషాలూ మీటరు తిరుగుతుంది గాని చేలో చుక్క పడదు. రాత్రి ఆటోస్టార్టరు మీద వదిలేసిన మోటారు పదిసార్లు ఆగి లేస్తే ఒక గంట తడి తగ్గినట్టే. అందుచేత మోటారు నడిచిన గంటలను కాక, చేలో ధార పడిన గంటలను లెక్కపెట్టండి.

ధార ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నది తగ్గితే ఎత్తు పెరుగుతుంది, నీరు తగ్గుతుంది. పైగా ఇక్కడ నది మట్టం వాన మీదే ఆధారపడి లేదు. 2019లో మొదలైన మేడిగడ్డ బ్యారేజీ గేట్లు మూసి ఉన్నప్పుడు ఎగువన నీరు ఒడ్డు దాకా నిలిచేది. 2023 అక్టోబరులో పియర్లు కుంగి నీటిని వదిలేశాక ఆ మట్టం పడిపోయింది. అలాంటి మార్పు వచ్చినప్పుడల్లా, ఏ మార్పూ లేకపోయినా నెలకు ఒకసారి, డ్రమ్ము గొయ్యి దగ్గరకు వెళ్లి మళ్లీ కొలవాలి. 40 సెకన్ల డ్రమ్ము 50 సెకన్లు తీసుకుంటోందంటే ధార సెకనుకు 4 లీటర్లకు దిగింది. అప్పుడు 3,600ను 144తో భాగించాలి, అదే చేనుకు అదే తడి 25 గంటలు పడుతుంది, ఒక్కో విడతకు నాలుగు సాళ్లే తెరవాలి.